ఎండలో 200 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం: షార్ట్స్, జెర్సీ, తొడల ఒరిపిడి – ఏది ముందు, ఏది తర్వాత

ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొన్నాక కూడా ఎనభై కిలోమీటర్లకే తొడల సందున మంట ఎందుకు మొదలవుతోంది? వేసవి రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది. తప్పు షార్ట్స్‌దే అయిన సందర్భాలు తక్కువ. దాని కింద ఏం వేసుకున్నారు, పైనుంచి ఎన్ని నీళ్లు కుమ్మరించుకున్నారు, దారిలో ఎన్నిసార్లు తుడుచుకున్నారు అన్నవే ఎక్కువసార్లు అసలు కారణాలు.

ఉదాహరణకు ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి నల్గొండ వెళ్లి రావడాన్ని తీసుకుందాం. రానూపోనూ సుమారు 200 కిలోమీటర్లు. బ్రెవే అంటే నిర్ణీత గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్. 200 కిలోమీటర్ల బ్రెవేకి ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. ఉదయం 6 గంటలకు బయల్దేరితే సాయంత్రం 7:30లోపు ముగించాలి. అంటే నడినెత్తి ఎండ తప్పదు.

## 1. ముందుగా ఒరిపిడి సంగతి

పొడి చర్మం మీద బట్ట జారుతుంది. కాస్త తడిసిన చర్మానికి మాత్రం అంటుకుని లాగుతుంది. చాలాసేపు తడిగా ఉంటే పైపొర నాని మెత్తబడుతుంది. ఆపైన చెమట ఆరి మిగిలిన ఉప్పు సన్నని గరుకు కాగితంలా పనిచేస్తుంది. గంటకు 80 సార్లు కాదు, నిమిషానికి 80 సార్లు తిరిగే కాళ్లు ఆ ఉప్పును చర్మంలోకి నూరుతూనే ఉంటాయి.

అందువల్ల చేయాల్సిన పనులు మూడు: బట్ట కదలకుండా చూడడం, తడిని బయటికి పంపడం, ఉప్పును మధ్యమధ్యలో తుడిచేయడం. మొదటి రెండూ కొనేటప్పుడు చూసుకునేవి. మూడోది దారిలో చేసేది, ఎక్కువమంది వదిలేసేదీ అదే.

## 2. షార్ట్స్ ఎంచుకోవడం

ప్యాడ్ మందంగా ఉంటే సుఖంగా ఉంటుందనుకోవడం మొదటి పొరపాటు. మెత్తటి మందపు ప్యాడ్ బూరుగుదూది పరుపులాంటిది. దుకాణంలో కూర్చుంటే హాయిగా ఉంటుంది, రెండు గంటల తర్వాత ఎముక కింద అణిగిపోయి ఉన్నా లేనట్టే అవుతుంది. పైగా మందం ఎక్కువైతే తొడల మధ్య ముద్దలా అడ్డం పడుతుంది, చెమటనూ పట్టి ఉంచుతుంది. జెల్ నింపిన ప్యాడ్లతో ఇంకో చిక్కు: వాటిలోంచి గాలి ఆడదు. చిన్న దూరాలకు సరిపోతాయి కానీ మండుటెండలో పది గంటలకు పనికిరావు.

చూడాల్సింది ఫోమ్ గట్టిదనం. దూరపు రైడ్ల కోసం చేసిన ప్యాడ్లలో, పిరుదుల ఎముకలు ఆనేచోట ఫోమ్ సాంద్రత సుమారుగా ఘనపు మీటరుకు 80 నుంచి 120 కిలోల మధ్య ఉంటుంది. అట్ట మీద ఆ అంకె లేకపోతే చేత్తో చూడండి. ఎముకలు ఆనేచోట ప్యాడ్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి గట్టిగా నొక్కండి. రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలినట్టు అనిపిస్తే ఆ ప్యాడ్ దూరానికి నిలవదు. గట్టిగా ఎదురు నొక్కుతూ, వదలగానే పైకి లేస్తే మంచిది. ప్యాడ్ నడిమధ్య, చర్మానికి తగిలేవైపు కుట్టు ఉండకూడదు.

తర్వాత సైజు. నిలబడి అద్దంలో చూసి నిర్ణయించకండి. షార్ట్స్ వేసుకుని కుర్చీ అంచున కూర్చోండి, చేతులు హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగండి. వీలుంటే దుకాణంలోనే సైకిల్ ఎక్కండి. అప్పుడు ఇవి గమనించండి:

- గజ్జల దగ్గర, ప్యాడ్ అంచుల్లో ముడత పడకూడదు. పడితే ఒక సైజు తగ్గించాలి.
- కాళ్లు తిప్పుతుంటే ప్యాడ్ ఒంటితోపాటు ఉండాలి. ఒళ్లు ఒకవైపు, ప్యాడ్ ఒకవైపు కదలకూడదు.
- తొడ చుట్టూ ఉండే పట్టీ పైకి పాకకూడదు. ఐదు నిమిషాలకే లోతుగా గాడి పడితే వెడల్పాటి పట్టీ ఉన్నది చూడండి.
- భుజాల మీద పట్టీలున్న బిబ్ షార్ట్స్ అయితే, నిలబడినప్పుడు కాస్త లాగుతున్నట్టు ఉండి వంగగానే ఆ లాగుడు పోవాలి.

నడుము ఎలాస్టిక్ ఉన్న మామూలు షార్ట్సా, బిబ్ షార్ట్సా అంటే దూరానికి రెండోదే మేలు. నడుము దగ్గర బిగుతు ఉండదు. జారకుండా భుజాలు పట్టి ఉంచుతాయి కాబట్టి ప్యాడ్ కూడా ఉన్నచోటే ఉంటుంది. వీపు మీద పట్టీలు జాలీ బట్టవి ఉండేలా చూసుకోండి. ఒకే ఇబ్బంది బాత్రూమ్. ఆడవాళ్లు ప్రతిసారీ జెర్సీ విప్పాల్సి వస్తుంది, కాబట్టి వెనక క్లిప్పు ఉన్నవో, జెర్సీ విప్పకుండానే కిందికి లాగగలిగేవో ఎంచుకోవాలి. అలాంటిది దొరకకపోతే మంచి నడుము షార్ట్స్ చాలు. బాత్రూమ్ భయంతో నీళ్లు తాగడం మానేయడం కన్నా అది ఎంతో నయం.

ఆడవాళ్ల ప్యాడ్ ఆకారం వేరు: వెనక వెడల్పు ఎక్కువ, ముందువైపు పొడవు తక్కువ. మగవాళ్ల షార్ట్స్‌లో చిన్న సైజు తీసుకుంటే సరిపోదు. నెలసరి రోజుల్లో శానిటరీ ప్యాడ్ అంచులు ఒరుసుకుంటాయి. ట్యాంపన్‌గానీ మెన్‌స్ట్రువల్ కప్పుగానీ అలవాటున్నవాళ్లకు ఆ బాధ తప్పుతుంది.

## 3. ప్యాడ్ కింద ఏమీ వేసుకోవద్దు

ఈ మాటకు చాలామంది మొహమాటపడతారు. కానీ లోదుస్తులు వేసుకుంటే ప్యాడ్ కొన్నందుకు ఫలం సగం పోతుంది. నూలు డ్రాయరు చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది, దాని కుట్లు సరిగ్గా తొడ మడత మీదే వస్తాయి. ప్యాడ్ నేరుగా చర్మానికి తగలాలి.

టీ కొట్టు దగ్గర ఒంటికి అతుక్కున్న షార్ట్స్‌తో నిలబడడం ఇబ్బందిగా ఉంటే పైన పల్చటి వదులు నిక్కరు వేసుకోండి. అందులో మందపు కుట్లు, వెనక జేబులు లేకుండా చూసుకోండి.

## 4. జెర్సీ: నల్గొండకు ఒకటి, కాకినాడకు ఒకటి

ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. కిందికి కారిపోయిన చుక్క వల్ల చల్లదనం ఏమీ ఉండదు. చెమటను పలచగా పరిచి త్వరగా ఆరనివ్వడమే జెర్సీ పని. నూలు టీషర్టు ఆ నీటిని పీల్చి బరువెక్కి, వీపుకు అంటుకుపోతుంది.

అయితే పాలిస్టర్ అని రాసి ఉన్నంత మాత్రాన అది చెమటను లాగుతుందని కాదు. పరుగు పందేల్లో ఊరికే ఇచ్చే టీషర్టులు చాలావరకు పాలిస్టరే, అయినా కొన్ని గోనెసంచిలా ఉడికిస్తాయి. ఇంట్లోనే పరీక్షించవచ్చు. జెర్సీని తిరగేసి లోపలివైపు ఒక నీటిచుక్క వేయండి. కొన్ని క్షణాల్లో అది రూపాయి బిళ్లంత వెడల్పుగా పాకి బయటివైపు కనిపిస్తే మంచిది. ముత్యంలా అలాగే నిలబడిందంటే ఆ బట్ట నీటిని తీసుకోవడం లేదు. పాత జెర్సీ ఇలా చేస్తుంటే ఉతికేటప్పుడు వాడిన ఫ్యాబ్రిక్ కండిషనర్ పొర పట్టి ఉండవచ్చు. రెండు మూడుసార్లు కండిషనర్ లేకుండా ఉతికి మళ్లీ చూడండి.

ఇక ఊరిని బట్టి ఎంపిక మారుతుంది. నల్గొండ వైపు ఏప్రిల్ ఎండ పొడిగా ఉంటుంది. చెమట పట్టినట్టే తెలియదు, పుట్టింది పుట్టినట్టు ఆరిపోతుంది. అక్కడ పల్చటి, లేతరంగు, నిండు చేతుల జెర్సీ సుఖం. లేదా పొట్టి చేతుల జెర్సీ మీద తెల్లటి ఆర్మ్ స్లీవ్స్ వేసుకోవచ్చు. వాటిని తడుపుకుంటే పొడిగాలికి చక్కగా చల్లబడతాయి.

కాకినాడ, విశాఖ తీరంలో గాలే తడిగా ఉంటుంది. చెమట ఆరదు, వీపు మీదుగా కారి నేరుగా షార్ట్స్‌లోకి దిగుతుంది. అక్కడ చంకల కింద, పక్కల జాలీ ఉన్న జెర్సీ, కిందిదాకా తెరుచుకునే జిప్పు కావాలి. తీరంలో తొడల ఒరిపిడి ముందుగా రావడానికి కారణం ఇదే. క్రీమ్ కూడా అక్కడ త్వరగా మళ్లీ రాయాలి.

జెర్సీ ఒంటికి ఆనుకుని ఉండాలి, బిగుసుకుపోకూడదు. మరీ వదులైతే గాలికి కొట్టుకుంటూ చంకల్లో, చనుమొనల మీద ఒరుసుకుంటుంది. మొనల దగ్గర ఒరిపిడి వచ్చే మగవాళ్లు బయల్దేరే ముందే, చర్మం పొడిగా ఉన్నప్పుడు, మందుల దుకాణంలో దొరికే పేపర్ టేపు ముక్క అంటించుకోవాలి. చెమట పట్టాక అది అంటుకోదు.

వెనక మూడు జేబులున్నాయి కదా అని అన్నీ కుక్కకండి. ఫోను, పవర్ బ్యాంకు, మూడు అరటిపండ్లు, నీళ్ల సీసా వేస్తే జెర్సీ వెనక్కి లాగుతుంది, ముందు మెడపట్టీ గొంతును కోస్తుంది. బరువైనవి సైకిల్ బ్యాగులోకి పోవాలి. జేబుల్లో తినేవి, క్రీమ్ డబ్బా ఉంటే చాలు.

## 5. క్రీమ్: ఎంత, ఎక్కడ

షామీ క్రీమ్ అని సైకిల్ దుకాణాల్లో అమ్మేది ఈ పనికే. మొదటిసారి మొత్తం ఒక టీస్పూను చాలు. పిరుదుల ఎముకలు ఆనేచోట, తొడ మడతల్లో, ప్యాడ్ అంచు తగిలే గీత వెంట పలచగా రాయండి. చర్మానికి రాస్తే చాలు. ప్యాడ్ నిండా పూస్తే మొదటినుంచే అది తడిముద్దలా ఉంటుంది, చెమట పీల్చుకోవడానికి చోటుండదు. చంకల్లో, తొడ పట్టీ కింద, గుండె వేగం కొలిచే పట్టీ పెట్టుకుంటే దాని కింద కూడా కాస్త రాయండి.

పుదీనాలా చల్లగా అనిపించే క్రీములున్నాయి. వాటిని మొదటిసారి 200 కిలోమీటర్ల రోజున వాడొద్దు. కొందరికి ఆ చల్లదనమే గంటలో మంటగా మారుతుంది. ముందు ఒక నలభై కిలోమీటర్ల రైడ్‌లో చూసుకోండి.

క్రీమ్ దొరకకపోతే ఇంట్లో ఉన్నవాటితో ఎంతవరకు గడుస్తుంది? పెట్రోలియం జెల్లీ చాలాసేపు నిలుస్తుంది, చంకలకూ తొడ పట్టీ కిందా బాగుంటుంది. ప్యాడ్ కింద కూడా అవసరానికి వాడుకోవచ్చు కానీ బట్టలోంచి సులువుగా వదలదు, పేరుకున్నకొద్దీ ప్యాడ్ చెమట పీల్చడం తగ్గుతుంది. కొబ్బరినూనె త్వరగా ఇంకిపోతుంది, పదేపదే రాయాలి. పౌడరు మాత్రం వద్దు. బయల్దేరేటప్పుడు బాగానే ఉంటుంది, చెమటతో కలిశాక పిండి ముద్దై మడతల్లో గడ్డకడుతుంది.

## 6. ముందురోజు సర్దుకోవాల్సినవి

- కనీసం రెండు మూడు రైడ్లలో వాడి చూసిన షార్ట్స్, జెర్సీ. కొత్తవి వద్దు.
- చిన్న డబ్బాలో నాలుగు టీస్పూన్ల క్రీమ్ (సుమారు 20 మిల్లీలీటర్లు).
- రెండు చేతిరుమాళ్లంత నూలు గుడ్డలు: ఒకటి తడిపి తుడవడానికి, ఒకటి పొడిగా అద్దుకోవడానికి.
- పేపర్ టేపు, ఆర్మ్ స్లీవ్స్, హెల్మెట్ కింద పల్చటి టోపీ.
- జాలీ ఉన్న రిఫ్లెక్టివ్ జాకెట్. బ్రెవేల్లో చీకటి పడ్డాక అది తప్పనిసరి. ప్లాస్టిక్ రకమైతే సాయంత్రం కూడా ఉడికిస్తుంది.
- ముగించాక వేసుకోవడానికి వదులు నూలు బట్టలు.

గజ్జల్లో వెంట్రుకలు రేజర్‌తో తీసే అలవాటుంటే రైడ్‌కు రెండు మూడు రోజుల ముందునుంచే మానేయండి. కొత్తగా గీసిన చర్మం మీద, మొలకెత్తే వెంట్రుకల మొదళ్లలో పొక్కులు లేస్తాయి. కత్తిరించుకోవడం వరకు పర్వాలేదు.

## 7. ఆ రోజు, గంట గంటకు

5:15. స్నానం చేసి పూర్తిగా తుడుచుకుని, ఫ్యాన్ కింద ఆరాక క్రీమ్ రాసుకుని షార్ట్స్ వేసుకోండి. తడి ఒంటి మీద రాస్తే క్రీమ్ కింద ఆ నీరు చిక్కుకుపోతుంది.

6:00 నుంచి 9:30. విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దాటేదాకా ఏ బాధా ఉండదు. అలవాటు చేసుకోవాల్సింది ఇప్పుడే: ప్రతి ఇరవై నిమిషాలకోసారి పది పదిహేను సెకన్లు సీటు మీంచి లేచి తొక్కండి. నొక్కుడు వదిలి రక్తం ఆడుతుంది, ప్యాడ్‌కు గాలి తగులుతుంది. నొప్పి పుట్టాక లేవడం ఆలస్యమే.

9:30, సుమారు 70 కిలోమీటర్లు. చిట్యాల, నార్కట్‌పల్లి పరిసరాల్లో బాత్రూమ్ ఉన్న హోటల్ చూసి ఆగండి. మంట లేకపోయినా ఆగాలి. చేతులు కడుక్కోండి, తడిగుడ్డతో ఉప్పు తుడవండి, పొడిగుడ్డతో అద్దండి, అర టీస్పూను క్రీమ్ రాయండి. ఐదు నిమిషాల పని. తుడవకుండా పాత చెమట మీదే క్రీమ్ పూస్తే ఉప్పును క్రీమ్‌తో కలిపి రుద్దుకున్నట్టే.

11:15, నల్గొండ. భోజనం. తడి షార్ట్స్‌తో ప్లాస్టిక్ కుర్చీలో గంటసేపు కూర్చోవడం చాలా చెడ్డది. గాలి ఆడక ఉన్న తడి అంతా చర్మంలోకే ఇంకుతుంది. తిన్నంతసేపే కూర్చుని, తర్వాత నీడలో అటూ ఇటూ తిరగండి. చెమట విపరీతంగా పట్టేవాళ్లు రెండో షార్ట్స్ తెచ్చుకుని ఇక్కడ మార్చుకోవచ్చు. 300 కిలోమీటర్లు, ఆపైన అయితే రెండో జత తెచ్చుకోవడమే మంచిది.

12:00 నుంచి 3:30. అసలు పరీక్ష. ఈ వేళలో అందరూ చేసే పని, సీసాడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకోవడం. హాయిగానే ఉంటుంది. కానీ ఆ నీళ్లు వీపు మీదుగా జారి ఎక్కడికి చేరతాయి? నేరుగా ప్యాడ్‌లోకి. అది అరగంటలో ఆరదు, సాయంత్రందాకా నానుతూనే ఉంటుంది.

నీళ్లు పోసుకోవడానికి పద్ధతి ఉంది. సైకిల్ దిగి, నడుము వంచి, తల కిందికి దించి పోసుకోండి, నీరు నేల మీద పడుతుంది. ఆర్మ్ స్లీవ్స్, జెర్సీ ఛాతీ భాగం, మెడకు చుట్టిన గుడ్డ తడపండి. వీపు మీద మాత్రం పోయకండి.

ఒళ్లు వణుకుతున్నా, తల తిరుగుతున్నా, మాట తడబడుతున్నా ఆగి నీడకు చేరి, పక్కవారికి చెప్పి వైద్య సహాయం తీసుకోండి. అప్పుడు మాత్రం నీళ్లు ఎక్కడ పడతాయో చూడక్కర్లేదు, ఒళ్లంతా తడపాలి.

3:30, సుమారు 150 కిలోమీటర్లు. మళ్లీ తుడవడం, అద్దడం, క్రీమ్. అలసటలో ఎక్కువమంది దాటేసే మజిలీ ఇది, చర్మం తెగేది కూడా ఈ తర్వాతి యాభైలోనే.

## 8. ఎక్కడ మండితే ఏమిటి అర్థం

ఒక్క వైపే పుండు పడుతుంటే క్రీమ్‌తో తీరేది కాదు. చాలావరకు సీటు ఎత్తు ఎక్కువైంది. పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఒకవైపు ఎక్కువ రుద్దుకుంటుంది. వెనకనుంచి ఎవరినైనా చూడమనండి. నడుము ఊగుతుంటే సీటును 3 నుంచి 5 మిల్లీమీటర్లు దించి మళ్లీ చూడండి. ఒకేసారి రెండు సెంటీమీటర్లు దించితే మోకాళ్లు మొరాయిస్తాయి.

రెండు ఎముకల కిందా నొప్పి అంటే ఒరిపిడి కాదు, ఒత్తిడి. ప్యాడ్ అణిగిపోయిందో, మీరు లేచి తొక్కడం మానేశారో చూసుకోండి.

లోపలి తొడ మీద నిలువుగా ఎర్రదనం ఉంటే షార్ట్స్ కాళ్లు పైకి పాకుతున్నట్టు, లేదా సీటు మీ తొడలకు వెడల్పు ఎక్కువైనట్టు.

తిమ్మిరి మాత్రం బట్టల సమస్య కాదు. నరాల మీద నొక్కుడు. వెంటనే దిగండి. సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమంగా చేయండి, అవసరమైతే ఒకటి రెండు డిగ్రీలు కిందికి. రైడ్ అయ్యాక కూడా తిమ్మిరి పోకపోతే డాక్టర్‌కు చూపించాలి.

## 9. సైకిల్ దిగిన వెంటనే

ఫొటోలు, టీ, కబుర్లు తర్వాత. ముందు షార్ట్స్ విప్పాలి. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో మెత్తగా కడిగి, రుద్దకుండా అద్ది, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఎర్రబడి మండుతుంటే పెట్రోలియం జెల్లీగానీ జింక్ ఆక్సైడ్ క్రీమ్‌గానీ పలచగా రాయండి. రెండు మూడు రోజులు సైకిల్ పక్కన పెట్టి వదులు నూలు బట్టలు వేసుకుంటే చాలావరకు మానుతుంది.

ఇక్కడో పెద్ద పొరపాటు జరుగుతుంది. గజ్జల్లో ఎర్రబడగానే మందుల దుకాణంలో గజ్జి, తామర క్రీమ్ అడిగి తెచ్చుకుంటారు. వాటిలో చాలా ట్యూబుల్లో క్లోబెటాసాల్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. నిజంగా తామరే అయితే లోపల పాకుతుంది, ఆపగానే రెట్టింపుగా బయటపడుతుంది. గజ్జల చర్మం కూడా పలచబడుతుంది. దురదతో, అంచు స్పష్టంగా కనిపించే వలయంలా మచ్చ వస్తే చర్మ వైద్యుడికే చూపించండి.

గట్టిగా, నొప్పిగా గడ్డ లేస్తే గిల్లొద్దు, నొక్కొద్దు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు, పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టండి. అది మానేదాకా సీటు ఎక్కకండి. జ్వరం వచ్చినా, చుట్టూ ఎర్రదనం పాకుతున్నా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మధుమేహం ఉన్నవాళ్లు అంతవరకూ చూడకుండా, గడ్డ కనిపించిన రోజే వెళ్లాలి.

## 10. ఉతకడం

షార్ట్స్ ఒక్కసారి వేసుకున్నా ఉతకాల్సిందే, అదీ ఆ రోజే. బ్యాగులో మూటకట్టి తెల్లారేదాకా ఉంచితే ప్యాడ్‌లో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ వాసన తర్వాత వదలదు.

తిరగేసి, చల్లటి నీళ్లలో కొంచెం డిటర్జెంట్‌తో ఉతకండి. కండిషనర్, బ్లీచింగ్, బ్రష్ వద్దు. బాగా జాడించండి, మిగిలిన సబ్బు కూడా మర్నాడు చర్మాన్ని కొరుకుతుంది. మెలితిప్పి పిండితే ఫోమ్ విరుగుతుంది. తువ్వాలులో చుట్టి నొక్కి నీళ్లు తీయండి. ప్యాడ్ బయటికి ఉండేలా గాలి వచ్చే నీడలో ఆరేయండి. బట్ట గంటలో ఆరినా ప్యాడ్ లోపల తడి ఉంటుంది, రాత్రంతా వదిలేయండి. ఇస్త్రీ వద్దు. వరసగా రెండు రోజులు తొక్కేవాళ్లకు రెండు జతలు లేనిదే కుదరదు.

పాతదాన్ని ఎప్పుడు తీసేయాలో మూడు చోట్ల తెలుస్తుంది. పిరుదుల భాగాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వేళ్లు కనిపిస్తున్నాయా? ప్యాడ్‌ను నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోతోందా? తొడ పట్టీ వదులై పైకి పాకుతోందా? ఒక్కదానికి అవునన్నా దాన్ని ఇంటిచుట్టూ తిరిగే చిన్న రైడ్లకు ఉంచుకుని, నల్గొండకు కొత్తది కొనండి.